ఎండ మరకకే, కుర్తాకు కాదు

మా దుకాణానికి వెనక్కి వచ్చే నూలు కుర్తాల్లో చాలావాటికి ఒకటే జబ్బు. రొమ్ము మీదో పొట్ట దగ్గరో పసుపు నూనె మరక, దాని చుట్టూ అరచేతి మేర తెల్లబడిన బట్ట. "రంగు నిలవలేదండీ, మార్చి ఇవ్వండి" అని వచ్చేవారు. నేను కుర్తాను గుమ్మం దగ్గర వెలుతురులో పరిచి చూపించేదాన్ని. వెనక భాగం కొత్తదిలాగే ఉండేది, చేతులు అలాగే ఉండేవి, మరక ఉన్నచోట మాత్రమే రంగు పోయి ఉండేది. రంగు నిలవకపోతే ఒక్కచోటే ఎందుకు పోతుంది? మరకను వదిలించబోయి రంగును వదిలించారన్నమాట. మరక పోవాలి, రంగు ఉండాలి అంటే ఏం చేయాలో నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో కొంత అద్దకం వాళ్ళ దగ్గర విన్నది, కొంత చాకలి వాళ్ళను చూసి నేర్చుకున్నది, మిగతాది చేతికి అలవాటైనది.

1. మరక ఒకటి కాదు, రెండు.

పులిహోర మరకనే తీసుకోండి. పోపులో ముందు నూనె కాగుతుంది, తర్వాత పసుపు పడుతుంది. పసుపుకు రంగునిచ్చే పదార్థం పేరు కుర్కుమిన్. అది నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో చక్కగా కరుగుతుంది. అందుకే పోపు పసుపు అన్నమంతా సమంగా అంటుకుంటుంది, బట్టమీద పడినా అంతే సమంగా పాకుతుంది. పైగా నూలుకు పసుపు అంటే ఇష్టం. పటిక, కరక్కాయ లాంటివేవీ లేకుండానే నేరుగా ఎక్కే రంగుల్లో అదొకటి. పూర్వం వంటింటి పసుపుతో కూడా పసుపు బట్టలు తయారుచేసేవారు కదా.

అంటే బట్టమీద ఒకదాని మీద ఒకటిగా రెండు పనులు జరిగాయి. నూనె దారాల మధ్య సందుల్లో కూర్చుంది, పసుపు దారానికే రంగుగా ఎక్కింది. నూనె ఉన్నంతసేపు నీళ్ళు లోపలికి పోవు, పసుపును ముట్టుకోలేవు. కాబట్టి ముందు నూనె, తర్వాత పసుపు. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన సబ్బయినా ఒకటే.

కొత్త బట్టలు పెట్టేటప్పుడు అంచుకు పెట్టే పసుపుబొట్టులో నూనె ఉండదు. దానికి నాలుగో పాఠం అక్కర్లేదు, సబ్బు నీళ్ళు, ఎండ చాలు. ఆవకాయ మరకలో పసుపుతోపాటు కారం రంగు కూడా ఉంటుంది. అదీ నూనెలో కరిగేదే, ఎండకు వెలిసిపోయేదే. దానికి వేరే వైద్యం లేదు, పులిహోరకు చేసిందే.

2. విస్తరి ముందు నీళ్ళు ముట్టుకోవద్దు.

మరక పడగానే అందరూ చేసే పని ఒకటే. గ్లాసులో వేళ్ళు ముంచి, కుర్తా మీద రుద్దుతారు. పక్కన కూర్చున్నవాళ్ళు "ఇంకొంచెం నీళ్ళు పెట్టు, పోతుంది" అని సాయం చేస్తారు. శనగగింజంత మరక రూపాయి బిళ్ళంత అవుతుంది, పైన ఉన్నది లోపలికి దిగుతుంది.

చేయాల్సింది చెంచా అంచుతో మెతుకును, పోపును పైకి ఎత్తేయడం. తర్వాత పొడి కాగితం రుమాలు మరక మీద ఆనించి, ఒత్తి, తీయాలి. రుద్దకూడదు. కాగితం మీద పచ్చటి చుక్క దిగుతుంది. చోటు మార్చి మళ్ళీ ఆనించాలి, చుక్క దిగడం ఆగేదాకా. ఇంటికి రాగానే ముఖానికి వేసుకునే పౌడరు మరక మీద దండిగా చల్లి అరగంట ఉంచి దులిపేస్తే మిగిలిన నూనె కొంత అది పీల్చుకుంటుంది. పౌడరు లేకపోతే మైదా. శనగపిండి వద్దు, అది తడిసిందంటే దాని పచ్చదనం ఇంకోటి. ముగ్గుపిండి అసలు వద్దు. అందులో సున్నం కలిస్తే ఏమవుతుందో అయిదో పాఠంలో చెబుతాను.

3. ముందు కుర్తా రంగును అడగాలి.

పక్క చీలిక దగ్గర లోపలివైపు కుట్టు మడత ఉంటుంది. మీరు వాడబోయే సబ్బు చుక్కను అక్కడ వేసి, తడిపి, అయిదు నిమిషాలు ఆగి, తెల్ల రుమాలుతో గట్టిగా ఒత్తి చూడండి. రుమాలుకు రంగు అంటకపోతే నిశ్చింతగా చేసుకోవచ్చు. లేతగా అంటితే నానబెట్టకుండా తొందరగా ముగించాలి. బాగా అంటితే ఆ కుర్తాకు ఎనిమిదో పాఠం వర్తిస్తుంది.

ఇక్కడ ఒక మాట. రంగు పోకుండా కొత్త కుర్తాను ఉప్పునీళ్ళలో నానబెట్టడం మన ఇళ్ళలో ఉంది. అద్దకంలో ఉప్పు వాడతారు, నిజమే. అది నీళ్ళలో ఉన్న రంగును దారం మీదికి నెట్టడానికి. అద్దకం అయిపోయాక ఇంట్లో ఉప్పు వేసినంత మాత్రాన రంగు కట్టుబడదు. కట్టుబడాల్సిన రంగు అద్దకంలోనే కట్టుబడాలి.

4. పాత్రలు తోమే ద్రవం, పొడి బట్ట మీద.

మా మేనల్లుడు ఒక గృహప్రవేశం భోజనంలో పులిహోర ఒలకబోసుకుని మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ముదురు నీలం మంగళగిరి బట్ట, చేతుల చివర సన్నటి జరీ. "అత్తయ్యా, ఇది పోతుందా, పడేయమంటావా?" అన్నాడు. మరక తమలపాకంత ఉంది. నీలం మీద పసుపు పడింది కదా, ఆకుపచ్చగా కనిపిస్తోంది, అంచుల వెంట నూనె నల్లగా పాకింది. నయమేమిటంటే నీళ్ళు పెట్టలేదు, ఇస్త్రీ చేయలేదు.

కుర్తాను తిరగేసి, మరక ముఖం కిందికి ఉండేలా పాత తెల్ల తువ్వాలు మీద పరిచాను. పాత్రలు తోమే ద్రవం అరచెంచా తీసుకుని, నీళ్ళు కలపకుండా, మరక వెనకవైపు నుంచి వేశాను. పొడి బట్ట మీదే వేయాలి. ముందే తడిపితే దారాల సందుల్లో నీళ్ళు నిండిపోయి సబ్బుకు చోటుండదు. వేలి కొసతో అంచుల నుంచి మధ్యకు మెల్లగా తిప్పాను. మధ్య నుంచి అంచులకు తిప్పితే మరక పెరుగుతుంది. పావుగంట వదిలేశాను. తీసి చూస్తే కింద తువ్వాలు మీద మరక బొమ్మ దిగింది, లేత పసుపుతో.

తర్వాత కుళాయి కింద, వెనకవైపు నుంచి నీళ్ళు పడేలా పట్టుకుని కడిగాను. వచ్చిన దారినే వెళ్ళగొట్టాలి మరి. నీళ్ళు గోరువెచ్చగా, చెయ్యి పెడితే హాయిగా ఉండేంత, అంతకన్నా వేడి వద్దు. వేడికి నూనె కరుగుతుంది, నిజమే, కానీ అదే వేడికి పసుపు దారంలోకి ఇంకా లోతుగా దిగుతుంది, కుర్తా రంగు కూడా వదులవుతుంది.

నూనె పోయిందో లేదో తడి బట్టలో తెలియదు. ఇది చాలామంది పొరబడే చోటు. తడిగా ఉన్నప్పుడు అంతా ఒకేలా ఉంటుంది, పోయిందనుకుని ఆరేస్తారు, సాయంత్రానికి నల్లటి నీడ తిరిగి వస్తుంది. అందుకని నీడలో ఆరబెట్టి, కిటికీకి ఎదురుగా ఎత్తి చూడాలి. నూనె మిగిలినచోట బట్ట కాస్త పారదర్శకంగా కనిపిస్తుంది. ఇంకా అనుమానముంటే మరక మీద ఒక నీటిచుక్క, మంచిచోట ఒక నీటిచుక్క వేయండి. రెండూ ఒకేలా ఇంకిపోతే నూనె లేదు. మరక మీది చుక్క ముత్యంలా నిలబడితే ఉన్నట్టే. గంజి పెట్టిన కొత్త బట్టకు మాత్రం ఈ పరీక్ష పనిచేయదు, దానిమీద ఎక్కడైనా చుక్క నిలబడుతుంది. మావాడి కుర్తాకు చుక్క నిలబడింది. మళ్ళీ ద్రవం వేసి, పావుగంట ఉంచి కడిగాక ఇంకింది.

5. ఎర్రబడితే భయపడొద్దు.

రెండోసారి కడిగాక మావాడు నా పక్కనే నిలబడి చూస్తున్నాడు. మిగిలిన పసుపు పోవడానికి బట్టల సబ్బు బిళ్ళ నురగ చేత్తో తీసి మరక మీద పెట్టాను. క్షణంలో ఆకుపచ్చ కాస్తా ముదురు గోధుమరంగుకు తిరిగింది. "అయ్యో, కాలిపోయింది అత్తయ్యా!" అన్నాడు. తెల్ల కుర్తా అయితే ఎర్రగా, రక్తపు మరకలాగా కనిపించేది. నీలం మీద ఎరుపు కాబట్టి గోధుమ.

పెళ్ళయి కొత్త జంట గుమ్మంలోకి వస్తుంటే ఎర్రనీళ్ళు తీస్తాం కదా. ఆ నీళ్ళలో ఉన్నది పసుపు, సున్నం, అంతే. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. బట్టల సబ్బు బిళ్ళలో, సర్ఫు పొడిలో, వంటసోడాలో, ముగ్గుపిండిలోని సున్నంలో ఉన్నది క్షారమే. కాలడం కాదు, కొత్త మరక పడటం కాదు, పాత పసుపే రంగు మార్చుకుంది. క్షారం పోతే మళ్ళీ పచ్చబడుతుంది.

ఇది చూసి చాలామంది గబగబా నిమ్మకాయ పిండుతారు. ఎరుపు మాయమవుతుంది, "పోయింది" అని సంతోషిస్తారు. ఎరుపు మాత్రమే పోయింది, పసుపు అక్కడే ఉంది. నిజానికి ఎర్రబడిన క్షణమే మనకు అనుకూలమైన క్షణం. క్షారంలో ఉన్నప్పుడు పసుపు నీళ్ళలో కాస్త ఎక్కువ కరుగుతుంది, తనంతట తాను విరిగిపోవడం కూడా మొదలవుతుంది. అప్పుడే ధారగా నీళ్ళు పోసి కడగాలి. నీళ్ళు గులాబీ రంగులో దిగుతాయి. అవి తేటబడేదాకా పోసి, మళ్ళీ ఒకసారి నురగ పెట్టి, మళ్ళీ కడగాలి. అయితే నురగను అలాగే ఉంచి వేరే పనికి వెళ్ళిపోవద్దు. క్షారానికి పసుపు ఒక్కటే లొంగదు, కుర్తా రంగు కూడా మెల్లగా వదులవుతుంది. అయిదు నిమిషాలు చాలు.

6. ఎండను కిటికీలోంచి రానివ్వాలి.

ఇదే అసలు పాఠం. మిగతావన్నీ దీనికి ముందు పనులు.

సబ్బుతో పసుపు పూర్తిగా పోదు. లేత నీడ ఒకటి మిగులుతుంది, మావాడి కుర్తా మీద లేత ఆకుపచ్చగా మిగిలింది. దాన్ని పోగొట్టేది ఎండే. బట్టల రంగు వెలుతురుకు ఎంత నిలుస్తుందో చెప్పడానికి మిల్లువాళ్ళు 1 నుంచి 8 దాకా ఉన్న ఒక కొలత వాడతారు. 8 అంటే చాలా గట్టి రంగు. పసుపుది అందులో అట్టడుగు మెట్టు. ఈరోజుల్లో కుర్తాలకు వాడే మంచి రసాయన రంగులు నడిమి మెట్లలోనో అంతకు పైనో ఉంటాయి. అంటే అదే ఎండలో పసుపు గంటల్లో పోతుంటే, కుర్తా రంగు రోజుల తరబడి ఓర్చుకుంటుంది. ఈ తేడాయే మన బలం.

అయినా కుర్తా మొత్తాన్ని తీగమీద వేసి సాయంత్రం దాకా వదిలేస్తే ఆ బలం వృథా. భుజాలు, తీగమీద మడత పడ్డచోటు ముందు వెలిసిపోతాయి. ఎండ మరక మీద మాత్రమే పడాలి. దానికి నేను చేసేది ఇది.

కుర్తాను లోపలి వైపు పైకి వచ్చేలా తిరగేస్తాను. ముందుభాగానికీ వెనకభాగానికీ మధ్య ఒక పళ్ళెమో ప్లాస్టిక్ కాగితమో పెడతాను, తడి రంగు ఒకదానినుంచి ఒకదానికి అంటకుండా. పాత దుప్పటి ముదురురంగుది రెండు మడతలు వేసి, మరక ఆకారానికి వేలు వెడల్పు ఎక్కువగా ఒక కంత కత్తిరిస్తాను, అదే ఎండ కిటికీ. ఆ కంత మరక మీదికి వచ్చేలా దుప్పటి కప్పి, చుట్టూ నాలుగు గుండ్రాళ్ళు. దుప్పటి చించడం ఇష్టం లేకపోతే అట్టముక్క చాలు. కంతలో కనిపించే బట్టను తడిపి ఉంచాలి. తడిగా ఉంటే వెలుతురు పని త్వరగా జరుగుతుంది. అందుకని పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి చేత్తో నీళ్ళు చిలకరించాలి. సబ్బు మాత్రం బొత్తిగా ఉండకూడదు. సబ్బు నిలిచిన బట్టకు ఎండ తగిలితే కుర్తా రంగు కూడా దిగొచ్చు, మరక పోయినా మచ్చ మిగులుతుంది.

ఇంకో చిన్న సంగతి, ఎవరూ చెప్పరు. నీళ్ళు చిలకరించిన ప్రతిసారీ దుప్పటిని గానీ అట్టను గానీ ఒక వేలు అటో ఇటో జరపాలి. జరపకపోతే, కుర్తా రంగు ఏ కాస్త వెలిసినా కంత అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. జరుపుతూ ఉంటే ఆ తేడా అంచుల్లో కలిసిపోయి కంటికి ఆనదు.

మావాడి కుర్తా పొద్దున పదింటికి మేడమీద పెట్టాను. గంటకు ఆకుపచ్చ సగమైంది. భోజనాలయ్యాక వెళ్ళి చూస్తే మరక ఎక్కడ ఉండేదో వేలు పెట్టి వెతకాల్సి వచ్చింది. అప్పుడు తీసేశాను. పూర్తిగా పోలేదేమో అనిపిస్తే మర్నాడు మళ్ళీ పెట్టొచ్చు, ఒకేరోజు పట్టుబట్టి ఉంచనక్కర్లేదు. చివరగా కుర్తా మొత్తాన్ని చల్లనీళ్ళలో ఒకసారి జాడించి నీడలో ఆరేశాను. ఒక్క మరక చోటే కడిగి వదిలేస్తే తడి ఆరిన అంచు వలయంలా మిగులుతుంది, అందుకు.

అమెరికాలోనో లండన్‌లోనో అపార్టుమెంటులో ఉండే పిల్లలు "మాకు మేడ లేదు, ఎండ లేదు" అంటారు. పసుపును విరగ్గొట్టేది ఎక్కువగా కంటికి కనిపించే వెలుతురులోని నీలం భాగమే, అది కిటికీ అద్దంలోంచి వస్తుంది. దక్షిణం కిటికీ గట్టుమీద పెట్టండి, గంటల్లో జరిగేది రెండు మూడు రోజుల్లో జరుగుతుంది. బట్టలు ఆరబెట్టే యంత్రంలో మాత్రం మరక పోయేదాకా వేయొద్దు. ఆ వేడి కూడా ఇస్త్రీలాగే మరకను బిగిస్తుంది.

7. రంగు దింపేది మరక కాదు, బ్రష్షు.

మా దుకాణానికి వచ్చిన కుర్తాల్లో తెల్లబడిన చోటును వేలితో తడిమితే గరుగ్గా ఉండేది. భూతద్దంలో చూస్తే దారాల మీద సన్నటి నూగు లేచి ఉండేది. రంగు కరిగిపోయి తెల్లబడింది కాదది. ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్దితే పైపొర దారం చిట్లి పోగులు లేస్తాయి, ఆ పోగులు వెలుతురును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తాయి. ముదురు రంగుల్లో ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. దానికి మందు లేదు. బండకేసి బాదినా అంతే. వేలి కొస, అరచెయ్యి, అంతకన్నా గట్టిది నూలు కుర్తా మరకకు అక్కర్లేదు.

రంగును చెడగొట్టే రెండోది సర్ఫు పొడి. మరక మీద నేరుగా పొడి చల్లి రెండు చుక్కల నీళ్ళు పోస్తారు. చాలా పొడుల్లో తెల్లబట్టలు మిలమిలలాడటానికి ఒక పదార్థం కలుపుతారు. అది రంగు బట్టమీద ఒకేచోట చిక్కగా పడితే అక్కడ పాలిపోయిన తెల్లటి మచ్చ నిలుస్తుంది, ముఖ్యంగా లేత గులాబీ, లేత ఆకుపచ్చ, గోధుమరంగు కుర్తాల మీద. పొడి వాడాలంటే బకెట్టు నీళ్ళలో పూర్తిగా కరిగించాకే బట్ట వేయండి.

మూడోది బ్లీచింగు ద్రవం. రంగు కుర్తాకు దాని ఊసే వద్దు. పసుపు పోతుంది, దానితోపాటు కుర్తా రంగు పోతుంది, దారం కూడా పలచబడుతుంది. దాన్ని నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో కలిపితే విషవాయువు వస్తుంది, కాబట్టి తెల్లబట్టకు కూడా అలా కలపకండి.

8. కలంకారీకి, నీలిమందుకు వేరే న్యాయం.

పెడనలో అచ్చులతో అద్దే కలంకారీలో, శ్రీకాళహస్తిలో కలంతో గీసే కలంకారీలో అసలైన నలుపును ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీస్తారు. ముందే కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ ఇనుపనీరు పడి నల్లబడుతుంది. ఈ నలుపుకు పులుపు శత్రువు. నిమ్మరసం, వెనిగర్ తగిలితే ఇనుము కరిగిపోయి నల్లటి గీత గోధుమరంగుకు, ఆపైన ఏమీ లేనట్టుకు వస్తుంది. అలాంటి కుర్తా మీద ఇంటి చిట్కా అని నిమ్మకాయ రాస్తే పసుపు ఉండి బొమ్మ పోతుంది. దానిలోని పసుపురంగు కూడా చెట్ల నుంచి తీసిందే, ఎండకు అదీ వెలుస్తుంది. అందుకని కలంకారీకి నేను ఎండ కిటికీని ఒక గంటకు మించి పెట్టను, అదీ పొద్దుటి ఎండలో, మరక పసుపురంగు బొమ్మ మీద లేకపోతేనే.

దీనికి సబ్బుగా కుంకుడుకాయ మంచిది. అయిదారు కాయలు గింజ తీసి, గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, పిసికి, వడగట్టాలి. వడగట్టకపోతే తొక్క గోధుమరంగు చుక్కలు పెడుతుంది. ఆ రసంలో క్షారం లేదు, కాబట్టి పసుపు ఎర్రబడదు, కలంకారీ రంగులూ కదలవు. పాత్రల ద్రవమంత చురుగ్గా పని చేయదు, అంచేత ఓపిగ్గా రెండు మూడుసార్లు చేయాలి.

నీలిమందు కుర్తా మరో సంగతి. దాని రంగు దారం పైపైనే పొరలుగా ఉంటుంది, రుద్దితేనే రాలుతుంది. కొత్త నీలిమందు బట్ట మూడో పాఠం పరీక్షలో రుమాలుకు తప్పక అంటుతుంది. వేలితో కూడా రుద్దకండి, ద్రవం వేసి కింద తువ్వాలు పెట్టి అరచేత్తో ఒత్తి ఎత్తండి, అంతే.

మార్కెట్లో కలంకారీ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు రసాయన రంగులతో వేసిన ముద్రణలే. వాటికి ఈ జాగ్రత్తలేమీ అక్కర్లేదు. ఏదో తేల్చుకోలేకపోతే అసలుదే అనుకుని చేయండి, నష్టం లేదు.

9. తెల్ల కుర్తాకు మరొక దారి ఉంది.

పూర్తి తెల్ల నూలు కుర్తా అయితే ఎండ కిటికీ అక్కర్లేదు, మొత్తం ఎండలో వేసుకోవచ్చు. అప్పటికీ నీడ మిగిలితే మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చుకోండి. సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే అది సుమారు 6 శాతం. దానికి సమానంగా నీళ్ళు కలిపి, మరక మీద చుక్కలుగా వేసి, పావుగంట తర్వాత కడిగేయాలి. చేతికి తగలకుండా రబ్బరు తొడుగు వేసుకోండి, చర్మం తెల్లబడి మంట పుడుతుంది. రంగు కుర్తాకు ఇది ఆఖరి అస్త్రం. వాడాలనుకుంటే లోపలి మడత మీద పావుగంట పరీక్షించి చూశాకే. కలంకారీకి, నీలిమందుకు పరీక్ష కూడా వద్దు.

10. ఇస్త్రీకి వెళ్ళిందంటే సగం చేయి దాటింది.

మరక ఉన్న కుర్తాను ఇస్త్రీ చేస్తే పసుపు లోతుగా దిగుతుంది, నూనె గట్టిపడుతుంది. ఇస్త్రీ చేయకపోయినా నెలల తరబడి బీరువాలో పెడితే వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు గాలికి మెల్లగా బిగుసుకుంటాయి. మూకుడు అంచున గీకినా పోని జిడ్డు ఉంటుంది చూడండి, దారం మీద జరిగేదీ అదే. కొబ్బరినూనె అంత తొందరగా బిగుసుకోదు, తలనూనె మరకలు పాతబడినా కాస్త సులువుగా పోవడానికి కారణం అదే.

బిగుసుకున్న మరకకు పాత్రల ద్రవం రాత్రంతా ఉంచి, తెల్లవారి కడిగి, ఇదే వరసలో మళ్ళీ మళ్ళీ చేసి చూడొచ్చు, కానీ ద్రవం ఆరిపోకుండా పైన తడిగుడ్డ కప్పాలి. ఇలా మూడుసార్లు చేశాక కూడా నీటిచుక్క నిలబడుతుంటే ఇక ఆపేయండి. అక్కడినుంచి మీరు చేసేదంతా కుర్తా రంగుకే తగులుతుంది. డ్రైక్లీనింగుకు ఇస్తే వాళ్ళ ద్రావకం నూనెను తీస్తుంది, పసుపును పూర్తిగా తీయకపోవచ్చు. కాబట్టి అక్కడినుంచి తెచ్చాక ఎండ కిటికీ మీరే పెట్టుకోవాలి. ఇచ్చేటప్పుడు అది ఏ మరకో, ఎక్కడుందో చెప్పి, మరక పోతే తప్ప ఇస్త్రీ చేయవద్దని గట్టిగా చెప్పండి. చీటీ మీద రాయించండి కూడా. నోటిమాట కౌంటరు దాటి లోపలికి చేరదు.